సినిమాలోంచి తప్పిపోయిన పిల్లాడు

2005లో 'కింగ్‌డమ్ ఆఫ్ హెవెన్' థియేటర్లో చూసినప్పుడు ఒక సీను దగ్గర నాకు కథ తెగిపోయినట్టనిపించింది. జెరూసలేం రాణి సిబిల్లా అద్దం ముందు కూర్చుని జుట్టు కత్తిరించుకుంటుంది. అంతకు కాసేపటి ముందే ఆమె తమ్ముడు, కుష్ఠువ్యాధితో ఉన్న రాజు, చనిపోయాడు. కానీ ఆ చావు హఠాత్తుగా వచ్చింది కాదు, ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నదే. తమ్ముడు పోయిన కొంతకాలానికి, కిరీటం కూడా పెట్టుకున్నాక, ఈమె ఇంతగా ఎందుకు కుప్పకూలిపోతోంది? తెర మీద దీనికి సమాధానం దొరకదు. నటి ఎవా గ్రీన్ ముఖంలో కనిపించే దుఃఖం పెద్దది. కథలో చూపించిన కారణం మాత్రం దానికి సరిపోదు.

సమాధానం తర్వాత వచ్చిన డైరెక్టర్స్ కట్‌లో దొరికింది. సిబిల్లాకు ఒక కొడుకున్నాడు. థియేటర్ వెర్షన్‌లోంచి ఆ పిల్లాణ్ణి మొత్తంగా తీసేశారు.

థియేటర్ కట్ అంటే సినిమా విడుదలైన రోజున మనం చూసే రూపం. నిర్మాణ సంస్థ, ప్రివ్యూ ప్రేక్షకులు, పంపిణీదారులు అందరి ఒత్తిళ్లూ పడ్డాక మిగిలిన సినిమా అది. డైరెక్టర్స్ కట్ అంటే ఆ ఒత్తిళ్లు లేకుండా దర్శకుడు తన ఇష్టప్రకారం కూర్చుకున్న రూపం. ఈ మధ్య మన దగ్గర 'పుష్ప 2'కి ఇరవై నిమిషాలు కలిపి 'రీలోడెడ్' అని మళ్లీ వేశారు కాబట్టి, అదనపు సీన్లు కలపడం తెలుగు ప్రేక్షకులకు కొత్త కాదు. అయితే సీన్లు పెరగడం వేరు, కథ మారడం వేరు. నిడివి పెరిగినంత మాత్రాన కథ మారదు. మారినప్పుడు ఎలా మారుతుందో చూడాలంటే రిడ్లీ స్కాట్ తీసిన ఈ క్రూసేడు యుద్ధాల సినిమా కంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

థియేటర్లో వచ్చిన సినిమా 144 నిమిషాలు. డైరెక్టర్స్ కట్ మూడు గంటలు దాటుతుంది. ప్రారంభ సంగీతం, ఇంటర్వెల్ కూడా కలిపి డీవీడీలో ఇచ్చిన రూపమైతే 194 నిమిషాలు. కోతకు కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఒక థియేటర్ రోజుకి పన్నెండు గంటలు నడుస్తుందనుకుందాం. ప్రకటనలకు, హాలు ఊడ్చడానికి షోకి అరగంట వేసుకుందాం. 144 నిమిషాల సినిమా అయితే నాలుగు షోలు పడతాయి. మూడు గంటల పది నిమిషాల సినిమా అయితే మూడే. అంటే ఒక్కో తెర మీద నాలుగో వంతు టికెట్లు పోయినట్టు. ఎడిటింగ్ గదిలో కూర్చున్నవాళ్లు ఈ లెక్కను పక్కన పెట్టలేరు.

ముప్పావుగంట తగ్గించాలంటే ప్రతి సీనులోంచీ రెండేసి సెకన్లు గీకితే సరిపోదు. ఒక ఉపకథనే ఎత్తెయ్యాలి. మిగతా వాటికి పెద్దగా అంటుకోకుండా, ఊడబెరికితే ఒక్కసారే వచ్చేదేది అని వెతుకుతారు. అలా చూస్తే ఈ పిల్లాడి కథ సులువుగా కనిపిస్తుంది. వాడు యుద్ధం చెయ్యడు. హీరో బేలియన్‌తో గొడవ పడడు. రాజు పోయాక కిరీటం పెట్టుకుని కాసేపట్లో చనిపోతాడు. వాణ్ణి తీసేసి, రాజు చనిపోయిన సీనుకు రాణి, ఆమె భర్త గీ పట్టాభిషేకం సీను అతికిస్తే, ఏమీ తెలియనివాళ్లకు అతుకు కనిపించదు. సంఘటనల వరస ఎక్కడా తెగలేదు. తెగిందల్లా ఆ సంఘటనలకున్న కారణం.

డైరెక్టర్స్ కట్‌లో ఆ భాగం ఇలా సాగుతుంది. మొదటి భర్త వల్ల సిబిల్లాకు పుట్టిన ఈ అబ్బాయి మేనమామ తర్వాత రాజవుతాడు, ఐదో బాల్డ్విన్‌గా. వాడి సింహాసనం నిలబడాలంటే సైనికబలం కావాలి. ఆ బలం ఇప్పటి భర్త గీ చేతిలో ఉంది. గీ అంటే ఆమెకు అసహ్యం, అయినా అతన్ని వదలదు. థియేటర్ వెర్షన్‌లో ఇదే స్త్రీ ఒక పూట బేలియన్‌ను ప్రేమించి, మరో పూట గీ తల మీద కిరీటం పెట్టే చపలచిత్తురాలిగా కనిపిస్తుంది. కొడుకు కళ్లముందు ఉన్నప్పుడు అదే ప్రవర్తన పూర్తిగా అర్థమవుతుంది. ఆమె చేసే ప్రతి బేరం ఆ పిల్లాడి కోసమే.

ఆ తర్వాతి సీనును నేను చాలాసార్లు చూశాను. పిల్లరాజు రాజపత్రాలకు ముద్ర వేస్తుంటాడు. వేడి మైనం వాడి చేతి మీద పడుతుంది. వాడు చెయ్యి వెనక్కి లాక్కోడు, అమ్మా అని అనడు, అసలు అటు చూడనే చూడడు. తల్లి చూస్తుంది. కుష్ఠువ్యాధి మొదట స్పర్శను తినేస్తుందని తమ్ముణ్ణి చూసి నేర్చుకున్న మనిషి ఆమె. ఇక్కడ డైలాగు అక్కర్లేదు. ఆమె మొహం చూస్తే చాలు.

తమ్ముడు ఏళ్లపాటు ముసుగు వెనక కుళ్లిపోవడం ఆమె దగ్గరుండి చూసింది. కొడుక్కి ఆ గతి పట్టకూడదనుకుంటుంది. వాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని, బుజ్జగిస్తూ, చెవిలో విషం పోస్తుంది. థియేటర్ వెర్షన్‌లో కారణం లేకుండా వచ్చిన ఆ జుట్టు కత్తిరింపు దీని తర్వాత రావాల్సింది. మనం మొదటిసారి చూసింది కొడుకును తన చేత్తో చంపుకున్న తల్లి దుఃఖం. చూస్తున్న మనకు మాత్రం కొడుకున్నాడనే తెలియదు.

ఇంకో పెద్ద మార్పు సినిమా మొదట్లోనే ఉంది. ఫ్రాన్స్‌లో ఒక పల్లెటూరు, కమ్మరిగా పనిచేసే బేలియన్. బిడ్డను పోగొట్టుకున్న బాధతో భార్య ఆత్మహత్య చేసుకుంది. ఊరి చర్చి ఫాదర్ కొలిమి దగ్గరికి వచ్చి ఆమె గురించి నీచంగా మాట్లాడతాడు. ఆమె మెళ్లోని సిలువ అతని మెడలో కనిపిస్తుంది. బేలియన్ అతన్ని అక్కడే చంపేస్తాడు. థియేటర్ వెర్షన్‌లో అతను ఎవరో ఒక దుర్మార్గుడైన ఫాదర్. డైరెక్టర్స్ కట్‌లో అతను బేలియన్‌కు తల్లి వైపు తమ్ముడు. అప్పుడు అది కోపంలో చేసిన హత్య మాత్రమే కాదు, తోడబుట్టినవాణ్ణి చంపిన పాపం. పాపపరిహారం కోసం జెరూసలేం వరకూ నడిచే మనిషి నెత్తిన ఎంత బరువుందో అప్పుడు తెలుస్తుంది.

బేలియన్ తండ్రి గాడ్‌ఫ్రీ మీద అడవిలో జరిగే దాడి కూడా అలాంటిదే. థియేటర్లో చూసినప్పుడు హంతకుణ్ణి పట్టుకోవడానికి వచ్చిన మనుషులు అంత ప్రాణాలకు తెగించి ఎందుకు పోరాడుతున్నారా అనిపిస్తుంది. డైరెక్టర్స్ కట్‌లో ఆ ఊరి ప్రభువు గాడ్‌ఫ్రీకి అన్నే. దాడికి వచ్చినవాడు ఆ అన్న కొడుకు. ఇప్పుడే దొరికిన ఈ అక్రమ సంతానం అడ్డు లేకపోతే చిన్నాన్న ఆస్తి తనకే వస్తుంది. ఆస్తి తగాదా అని తెలియగానే మనకు ఇంకేమీ విడమరిచి చెప్పాల్సిన పని ఉండదు.

ఇంకొకటి, బేలియన్ గతంలో యుద్ధాల్లో పనిచేశాడని, కోట ముట్టడి యంత్రాల పని తెలిసినవాడని పొడవు వెర్షన్ మొదట్లోనే స్పష్టం చేస్తుంది. అది మనసులో పడకపోతే, చివర్లో సలాదీన్ సైన్యానికి ఎదురు నిలిచి జెరూసలేం గోడల మీద రక్షణ ఏర్పాట్లు చేసే కమ్మరి నమ్మశక్యంగా అనిపించడు. ఆఖరున, ఓడి అవమానపడిన గీ తిరిగొచ్చి బేలియన్‌తో కత్తి దూస్తాడు. బేలియన్ గెలిచి, అతన్ని చంపకుండా వదిలేస్తాడు. థియేటర్ వెర్షన్‌లో ఈ పోరాటమే లేదు కాబట్టి గీ కథ తేలకుండా పోతుంది. నిజానికి ఇది లేకపోయినా నాకు పెద్ద లోటనిపించలేదు. కోసినవాటిలో పోయినా పరవాలేదనిపించింది ఇదొక్కటే.

డైరెక్టర్స్ కట్ చరిత్రకు దగ్గరగా ఉంటుందనుకుంటే మాత్రం పొరపాటు. ఐదో బాల్డ్విన్ నిజంగా ఉన్నాడు. చిన్నవయసులోనే 1186లో చనిపోయాడు. అతనికి కుష్ఠువ్యాధి ఉందనడానికీ, తల్లి విషం పెట్టిందనడానికీ ఆధారం లేదు. అసలు బేలియన్ కమ్మరి కాడు, పుట్టుకతోనే ప్రభువు. చెయ్యి మొద్దుబారడం మాత్రం గాల్లోంచి పుట్టిన కల్పన కాదు. అది మేనమామ నాలుగో బాల్డ్విన్ జీవితంలోది. చిన్నప్పుడు పిల్లలు ఆటలో ఒకరి చేతులు ఒకరు గోళ్లతో గిచ్చుకుంటుంటే, మిగతావాళ్లు కేకలు పెడుతున్నా ఇతను మాత్రం కిమ్మనకుండా ఉండేవాడట. మొదట ఓర్పు అనుకుని, తర్వాత పరీక్షించి కుడిచేతికి స్పర్శ సగం పోయిందని కనిపెట్టింది అతని గురువు టైర్ విలియం. తన చరిత్ర గ్రంథంలో ఆ సంగతి రాసిపెట్టాడు. సినిమాలో అలాంటి ఘట్టమే మేనల్లుడికి వచ్చింది.

దర్శకుడు మళ్లీ చేతులు పెట్టిన ప్రతిసారీ సినిమా బాగుపడుతుందని కూడా కాదు. 'ఏలియన్' సినిమా 2003లో డైరెక్టర్స్ కట్ పేరుతో వచ్చింది. తీసింది ఈ రిడ్లీ స్కాటే. అందులో కొన్ని సీన్లు కలిపి, కొన్ని తగ్గించారు, మొత్తం నిడివి పాతదానికంటే కొంచెం తక్కువే. అయినా 1979 నాటి థియేటర్ రూపమే తనకు నచ్చినదని ఆయనే చెప్పాడు. ఆ సినిమాలో థియేటర్ కట్ అప్పటికే దర్శకుడు కోరుకున్న సినిమా. ఇక్కడ కాదు.

ఇప్పుడు చూడాలనుకునేవాళ్లు ముందు నిడివి చూసుకోండి. 144 నిమిషాలని ఉంటే అందులో పిల్లాడు లేనట్టే. అప్పటికే మొదలుపెట్టేసి ఉంటే కొలిమి సీను వరకూ ఆగండి. బేలియన్ ముందు నిలబడ్డ ఆ ఫాదర్ అతనికి తోడబుట్టినవాడని తెలిస్తే, మీరు చూస్తున్నది పొడవైన సినిమానే. రాత్రి భోజనం ముందే ముగించుకుని కూర్చోండి.