అడుగుకి నూట యాభై ఎక్కడి నుంచి వచ్చింది?

"మాస్టారూ, ఐరన్ రేటు మండిపోతోంది, సిమెంటూ పెరిగింది. పాత రేటుకి గిట్టడం లేదు. అడుగుకి నూట యాభై పెంచితేనే శ్లాబు వేయగలను. దయచేసి అర్థం చేసుకోండి."

2022 వేసవిలో తెలుగు ఊళ్లలో ఇల్లు కట్టుకుంటున్న చాలామంది ఫోన్లకు ఇంచుమించు ఇలాంటి సందేశమే వచ్చింది. అందులో అబద్ధమేమీ లేదు. రేట్లు నిజంగానే పెరిగాయి. అయితే ఆ నూట యాభై ఎలా వచ్చిందో యజమానికి తెలియదు. చాలాసార్లు రాసిన కాంట్రాక్టరు కూడా కూర్చుని లెక్క వేసి ఉండడు. గొడవకు మూలం అక్కడే ఉంది.

ఆ ఏడాది ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగింది. ఉక్కు కొలిమికి కోకింగ్ బొగ్గు కావాలి. మన దేశం దాన్ని ఎక్కువగా ఆస్ట్రేలియా నుంచి తెచ్చుకుంటుంది. మార్చిలో ఆ బొగ్గు టన్ను 600 డాలర్లు దాటింది. విశాఖ ఉక్కు కర్మాగారం బొగ్గును ఓడల మీద తెప్పించుకోవాలి, సొంత ఇనుప ఖనిజం గనులు లేవు కాబట్టి ఖనిజాన్నీ కొనుక్కోవాలి. అలాంటి చోట ముడిసరుకు పెరిగితే ఆ భారం నేరుగా చువ్వ మీద పడుతుంది. ఏప్రిల్ నాటికి టీఎంటీ చువ్వ ధర టన్నుకు 75 వేలు దాటింది. సిమెంటు బట్టీలకూ బొగ్గో పెట్‌కోకో కావాలి కనుక బస్తా ధర కూడా ఎక్కింది.

ఈ కారణాలన్నీ ఉత్తరంలో రెండు వాక్యాలకు మించక్కర్లేదు. యజమాని అడిగేది యుద్ధం గురించి కాదు. తన ఇంటికి ఇంకా ఎంత ఐరన్ పట్టాలి, అది ఏ రేటున వస్తోంది, తేడా ఎంత అని అడుగుతాడు.

లెక్క కోసం తణుకు దగ్గర ఒక ఇల్లు అనుకుందాం. కింద వెయ్యి, పైన వెయ్యి, మొత్తం రెండు వేల చదరపు అడుగులు. మెటీరియల్‌తో కలిపి అడుగు 1,700 చొప్పున 34 లక్షలకు 2021 చివర్లో ఒప్పందం అయింది. అప్పుడు జీఎస్టీతో కలిపి ఐరన్ టన్ను 62 వేలు, సిమెంటు బస్తా 330. ఇలాంటి ఇంటికి అడుగుకు నాలుగు కిలోల చొప్పున సుమారు ఎనిమిది టన్నుల ఐరన్, 850 బస్తాల సిమెంటు పడతాయి. పాత రేట్ల ప్రకారం ఐరన్‌కు 4 లక్షల 96 వేలు, సిమెంటుకు 2 లక్షల 80 వేలు అవుతాయి. అంటే ఈ రెండూ కలిపి ఇంటి ఖర్చులో నాలుగో వంతు కూడా లేవు. మిగతా డబ్బంతా కూలీలు, ఇటుక, ఇసుక, కంకర, తలుపులు, వైరింగు, టైల్సు, రంగులకు పోతుంది.

ఏప్రిల్‌లో ఐరన్ 80 వేలకు, బస్తా 390కి చేరాయి. ఐరన్ 29 శాతం పెరిగిందనగానే ఇల్లు కూడా 29 శాతం పెరుగుతుందేమోనని యజమాని గుండె జారుతుంది. కాంట్రాక్టరు కూడా ఒక్కోసారి ఆ భయాన్నే వాడుకుంటాడు. నిజానికి పెరుగుదల మొత్తం ఇంటికి వర్తించదు. ఐరన్, సిమెంటులకే వర్తిస్తుంది. అందులోనూ ఇంకా కొనాల్సిన సరుకుకే వర్తిస్తుంది.

ఈ ఇంటికి అప్పటికే ఫుటింగులు, ప్లింత్ బీములు, కింది అంతస్తు స్తంభాల పని అయిపోయింది. పాత రేటుకు కొన్న రెండున్నర టన్నుల ఐరన్, 250 బస్తాలు వాటిలోకి వెళ్లాయి. ఇక ఐదున్నర టన్నులు, 600 బస్తాలు కొనాలి. ఉత్తరం ఇలా ఉండాల్సింది:

"మాస్టారు గారికి నమస్కారం. మన ఒప్పందం నాడు ఐరన్ టన్ను 62,000, సిమెంటు బస్తా 330 ఉన్నాయి. ఈ రోజు మన డీలరు కొటేషన్ ప్రకారం ఐరన్ 80,000, బస్తా 390. అన్నీ జీఎస్టీతో కలిపి. పాత బిల్లులు, కొత్త కొటేషన్ జత చేశాను. ఇంకా కొనాల్సిన ఐరన్ ఐదున్నర టన్నులు. టన్నుకు తేడా 18,000 చొప్పున 99,000. కొనాల్సిన సిమెంటు 600 బస్తాలు. బస్తాకు తేడా 60 చొప్పున 36,000. రెండూ కలిపి 1,35,000. సవరించిన అంచనా 35,35,000. కూలి రేటు, నా లాభం, మిగతా సామాను పాత ఒప్పందం ప్రకారమే. కొన్న రోజు బిల్లులో రేటు ఇంతకంటే తగ్గితే ఆ మేరకు తగ్గిస్తాను. పెరిగితే కొనే ముందే మీకు చెప్తాను. మీరు సరేనని ఈ కాగితం మీద సంతకం చేశాకే శ్లాబు ఐరన్‌కు ఆర్డరు పెడతాను."

అడుగుకు నూట యాభై అంటే మూడు లక్షలు. లెక్క వేస్తే లక్షా ముప్పై ఐదు వేలు, మొత్తంలో నాలుగు శాతం. మధ్యలో ఉన్న లక్షా అరవై ఐదు వేలను మోసం అనేయడం తొందరపాటే. అందులో పెద్ద భాగం రేటు ఇంకా ఎంత పెరుగుతుందోనన్న భయం. చిన్న కాంట్రాక్టరుకు వెనక నిల్వ డబ్బు ఉండదు. ఒక శ్లాబు మీద లక్ష పోతే తర్వాతి ఇంటి అడ్వాన్సుతో పూడుస్తాడు. ఆ ఇంటి పని ఆగుతుంది. అందుకే ముందే కాపుదల కోసం రౌండు అంకె అడుగుతాడు. పై ఉత్తరంలో "కొన్న రోజు బిల్లు" అన్న మాట ఉంటే ఆ భయానికి విడిగా వెల కట్టనక్కర్లేదు.

ముందే కొనిపెట్టాల్సింది కదా అని యజమానులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సిమెంటు విషయంలో మాత్రం అది కుదరదు. బస్తాలు మూడు నెలలు నిల్వ ఉంటే గాలిలో తేమ పీల్చుకుని బలం గణనీయంగా తగ్గుతుంది, గోదావరి జిల్లాల వానాకాలంలో గడ్డలు కట్టడానికి అంత కాలం కూడా అక్కర్లేదు. ఐరన్‌ను నేలకు తగలకుండా పరదా కప్పి నిల్వ చేయవచ్చు. అయితే ఎనిమిది టన్నులకు మొదటి నెలలోనే దాదాపు ఐదు లక్షలు పెట్టాలి. పునాదికింత, శ్లాబుకింత అని దశలవారీగా డబ్బిచ్చే ఒప్పందంలో ఆ ఐదు లక్షలు ఎవరివి? యజమాని ముందే ఇస్తానంటే కాంట్రాక్టరు కొనకపోవడానికి కారణం లేదు. ఆ మాట ఒప్పందం రోజునే తేలాలి.

ఉత్తరంలో యజమాని ముందుగా అనుమానించాల్సింది రేటును కాదు, పరిమాణాన్ని. రేటు ఎంతో నాలుగు దుకాణాలకు ఫోన్ చేస్తే తెలిసిపోతుంది. ఐదున్నర టన్నులు నిజమో కాదో స్ట్రక్చరల్ డ్రాయింగు చూసి ఇంజినీరు చెప్పాలి. లారీ దిగినప్పుడు సరుకు చూసుకోవడం మాత్రం ఎవరైనా చేయవచ్చు. చువ్వ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 మిల్లీమీటర్ల చువ్వ మీటరుకు 0.89 కిలో, పన్నెండు మీటర్ల పూర్తి చువ్వ పది కిలోల అరవై ఏడు. వంద చువ్వలు దిగితే వేబ్రిడ్జి చీటీ మీద ఇంచుమించు 1,067 కిలోలు ఉండాలి. ఈ సైజుకు భారతీయ ప్రమాణం ఐదు శాతం అటూ ఇటూ తేడాను ఒప్పుకుంటుంది. అంతకు మించి తేలికగా ఉంటే చువ్వ సన్నగా ఉన్నట్టు. లెక్కన కొంటే ఈ తేడా కనబడదు, తూకాన కొంటే కనబడుతుంది. బరువు ఎక్కువగా వచ్చినా నష్టం యజమానికే, కావలసిన పొడవుకు మించి డబ్బు కట్టాల్సి వస్తుంది.

ఒప్పందంలో రేటు పెంపు మాటే లేకపోతే కాంట్రాక్టరుకు చట్టం అండగా నిలవడం కష్టం. యుద్ధకాలంలో సైన్యానికి నెయ్యి సరఫరా చేసిన ఏజెంట్లు, పరిస్థితులు మారాయి కాబట్టి ఒప్పుకున్న రేటు కంటే ఎక్కువ ఇవ్వాలని కోర్టుకెక్కారు. 1960లో సుప్రీంకోర్టు ఆ అలోపీ పర్షాద్ కేసులో, ధరలు అనుకోకుండా మారినంత మాత్రాన ఒప్పందం నుంచి బయటపడే వీలు లేదని తేల్చింది. ఇద్దరూ ఒప్పుకుని మార్చుకోవచ్చు, అందుకే ఉత్తరం కింద సంతకం కావాలి. ప్రభుత్వ పనుల్లో ఈ పేచీ తక్కువ. కేంద్ర ప్రజా పనుల శాఖ ఒప్పందాల్లో 10సీఏ అనే నిబంధన ఉంటుంది. సిమెంటుకు, ఐరన్‌కు మూల ధర ముందే రాసి పెట్టి, సూచీ పెరిగితే కాంట్రాక్టరుకు ఇస్తారు, తగ్గితే కోస్తారు. సొంత ఇంటి ఒప్పందంలో సూచీలు అక్కర్లేదు. "ఈ రేట్ల మీద ఐదు శాతం వరకు నాది, ఆ పైన మీది" అన్న ఒక్క వాక్యం చాలు. మన ఇంటి విషయంలో ఆ వాక్యం ఉండి ఉంటే యజమాని భరించాల్సింది లక్షా ఎనిమిది వేలకు తగ్గేది.

ఏప్రిల్‌లో మూడు లక్షలకు ఒప్పుకుని సంతకం చేసినవాళ్లకు నెల తిరగకుండానే ఇంకో చిక్కు వచ్చింది. మే 21న కేంద్రం ఉక్కు ఎగుమతుల మీద 15 శాతం సుంకం ప్రకటించింది, కోకింగ్ బొగ్గు దిగుమతి మీద సుంకం ఎత్తేసింది. సరుకు దేశంలోనే మిగలడంతో కొన్ని వారాల్లో ఐరన్ టన్నుకు వేలల్లో దిగింది. ఆ సుంకాన్ని మళ్లీ నవంబరులో తీసేశారు. మన ఇంట్లో మొదటి శ్లాబుకు మూడు టన్నులు 80 వేలకు, తర్వాత మిగతా రెండున్నర టన్నులు 70 వేలకు కొన్నారనుకుంటే, ఐరన్ మీద అదనం 99 వేలు కాదు, 74 వేలు. రౌండు అంకె ఒప్పుకున్న యజమానికి ఆ పాతిక వేలు తిరిగి అడగడానికి ఆధారమేమీ ఉండదు. బిల్లు ప్రకారం అని రాయించుకున్నాయనకు అడగాల్సిన పనే ఉండదు.

తగ్గుదల ఉత్తరం మాత్రం ఏ కాంట్రాక్టరూ తనంతట తాను రాయడు. 2025 సెప్టెంబర్ 22న సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. పన్నుతో కలిపి 390 ఉన్న బస్తా, కంపెనీ తన ధర పెంచకపోతే, దాదాపు 360కి రావాలి. ఇంకా 400 బస్తాలు కొనాల్సిన ఇంట్లో అది పన్నెండు వేలు. అప్పుడు కాగితం, కలం తీసుకుని లెక్క రాయాల్సింది యజమాని. పాత రేటు, కొత్త రేటు, మిగిలిన బస్తాలు, తేడా, ఆ వారం డీలరు బిల్లు నకలు జత చేసి కాంట్రాక్టరుకు ఇవ్వాలి.