ఫిల్టర్ కడిగి ఐదు రోజులే.. మళ్లీ మోగిన ఫోన్!

మే 1, సెలవు రోజు. పొద్దున్నే ఫోన్ టింగుమంది: ‘ఏసీ ఫిల్టర్ కడగాలి’. పక్క మంచం మీద నుంచి రూమ్మేట్ గొణిగాడు: ‘‘ఒరేయ్, మొన్న శనివారమే కదరా కడిగాం!’’ నిజమే. ఫిల్టర్ తీసి చూస్తే ఇంకా తెల్లగానే ఉంది. మరి యాప్ ఎందుకు మోగింది? తప్పు యాప్‌ది కాదు, నాది. ‘రిపీట్’ అనే మాటకు రెండు అర్థాలుంటాయని చూసుకోకుండా మొదటిది నొక్కేశాను.

ఆ రెండూ ఏంటో నా ఫిల్టర్ లెక్కతోనే చూడండి. ఏప్రిల్ 1న కడిగి, 15 రోజులకోసారి అని పెట్టుకున్నాను. తర్వాతి వంతు ఏప్రిల్ 16. ఆ వారం ఆఫీసులో రిలీజ్ ఉండటంతో కుదరలేదు. చివరికి 26న కడిగి టిక్ పెట్టాను. తేదీ ప్రకారం తిరిగే రిపీట్‌కు నేను ఎప్పుడు కడిగానన్నది పట్టదు. 1, 16, మళ్లీ 1 అని దాని లెక్క దానిదే. అందుకే కడిగిన ఐదో రోజునే గుర్తుచేసింది. రెండో రకం, పని పూర్తయిన రోజు నుంచి లెక్కపెట్టే రిపీట్. అదైతే 26 నుంచి 15 రోజులు లెక్కేసి మే 11న మోగేది.

‘పది రోజులు ముందు మోగితే కొంపలేం మునుగుతాయి?’ అంటారా? మునిగేది ఫిల్టర్ కాదు, మీ జాబితా. శుభ్రంగా ఉన్నదాన్ని మళ్లీ ఎవరు కడుగుతారు? కడగకుండానే టిక్ పెట్టేస్తారు. నేనూ అదే చేశాను. అలా రెండుసార్లు ఉత్తుత్తి టిక్ పెట్టాక, మూడోసారి నిజంగా దుమ్ము పట్టినప్పుడు కూడా వేలు అదే పని చేస్తుంది. గాలి తగ్గి, గది చల్లబడటానికి గంట పట్టినప్పుడు గానీ తెలియదు.

ఏ పనికి ఏది పెట్టాలో తేల్చుకోవడానికి నేను ఒకే ప్రశ్న వేసుకుంటాను: ఈసారి పది రోజులు ఆలస్యంగా చేస్తే, తర్వాతి వంతు కూడా పది రోజులు జరగొచ్చా? ఫిల్టర్‌కైతే జరగొచ్చు, ఎందుకంటే దుమ్ము పేరుకోవడం కడిగిన రోజు నుంచే మళ్లీ మొదలవుతుంది. క్రెడిట్ కార్డు బిల్లుకైతే జరగదు. పోయిన నెల ఆలస్యంగా కట్టారని బ్యాంకు ఈ నెల గడువు జరపదు కదా! ఇంటద్దె, రోజు విడిచి రోజు వచ్చే కుళాయి నీళ్లు.. ఇవన్నీ బయటివాళ్ల గడియారంతో నడిచేవి. వీటికి తేదీ రిపీటే సరైనది. ఈ తేడా మన ఇళ్లకు కొత్తేం కాదు. మా అమ్మ గ్యాస్ సిలిండర్ మార్చిన రోజున గోడ క్యాలెండర్‌లో ఒక గుర్తు పెడుతుంది. తర్వాతి సిలిండర్ లెక్క ఆ గుర్తు నుంచే. కరెంటు బిల్లుకు మాత్రం అలాంటి గుర్తులేం ఉండవు.

ఇక యాప్‌లో పెట్టడం. టోడోయిస్ట్ వాడేవాళ్లకు తేడా ఒక్క ఆశ్చర్యార్థకం. మొదటి వరుస తేదీ ప్రకారం, రెండోది పూర్తయిన రోజు నుంచి తిరుగుతుంది:

```
every 15 days
every! 15 days
```

ఈమాక్స్‌లో ఆర్గ్ మోడ్ వాడే కోడర్లైతే `.+15d` అని రాస్తే పూర్తయిన రోజు నుంచి లెక్కిస్తుంది. `+15d` అంటే పాత తేదీకి సరిగ్గా పదిహేను రోజులు కలుపుతుంది. నెలన్నర వదిలేసి వస్తే కొత్త తేదీ కూడా గతంలోనే పడుతుంది. `++15d` పాత వరుసలోనే ఉంటూ రాబోయే తేదీకి దూకుతుంది. మామూలు క్యాలెండర్ యాప్‌లో పెట్టే రిపీట్ ఈవెంట్ మాత్రం తేదీ రకమే. దానికి మీరు పని చేశారో లేదో తెలిసే దారే లేదు.

మీ యాప్ ఏ రకమో తెలియకపోతే ఒక్క నిమిషంలో తేల్చుకోవచ్చు. మూడు రోజులకోసారి వచ్చేలా ఒక ఉత్తుత్తి పని రాసి, దాని గడువు మొన్నటి తేదీకి పెట్టండి. ఈరోజు టిక్ చేయండి. తర్వాతి తేదీ రేపు అని చూపిస్తే అది తేదీ రకం. ఈరోజు నుంచి మూడో రోజు చూపిస్తే పూర్తయిన రోజు రకం.

రెండో రకం పెట్టేశాం, ఇక నిశ్చింత అనుకోకండి. దానికీ చిక్కులున్నాయి. యాప్ చూసేది మీరు పని చేసిన రోజును కాదు, టిక్ పెట్టిన రోజును. ఆదివారం మొక్కకు నీళ్లు పోసి, మంగళవారం టిక్ పెట్టారనుకోండి. మూడు రోజులకోసారి అయితే అసలు వంతు బుధవారం. యాప్ చెప్పేది శుక్రవారం. అంటే మొక్క ఐదు రోజులు ఎండుతుంది. ఆలస్యంగా టిక్ పెట్టినప్పుడల్లా తర్వాతి తేదీని చేత్తో వెనక్కి జరపాలి.

ఇంకోటి, జారుడు. ప్రతిసారీ ‘ఎల్లుండి చేద్దాంలే’ అని రెండు రోజులు వాయిదా వేస్తే 15 రోజుల పని 17 రోజులదవుతుంది. ఏడాదికి 24 సార్లు కావాల్సింది 21 సార్లే అవుతుంది. ఫిల్టర్‌కు ఇది పెద్ద నష్టం కాదు. కానీ దుప్పట్లు ఉతకడంలాంటి ఆదివారం పనులు ఇలా జారి వారం మధ్యలో పడితే అసలే జరగవు. వాటికి తేదీ రకమే నయం. అన్నట్టు, అక్కడ 15 రోజులు అని కాకుండా 14 పెట్టండి. 15 అంటే ప్రతిసారీ వారం ఒక రోజు ముందుకు జరిగిపోతుంది.

మొక్కల సంగతి ఇంకా వేరు. మా కిటికీలో మనీప్లాంట్‌కు మొదట ఐదు రోజులకోసారి అని తేదీ రిపీటే పెట్టాను. ఒకసారి నాలుగు రోజులు ఆలస్యంగా నీళ్లు పోశాను. మర్నాడే మళ్లీ మోగింది, మళ్లీ పోశాను. వేసవిలో తట్టుకుంది. ముసురు పట్టిన రోజుల్లో ఇలాగే జరిగేసరికి ఆకులు పసుపు తిరిగాయి. కుండీ పైకెత్తితే బరువుగా ఉంది, మట్టి వాసన పుల్లగా వస్తోంది. వేళ్లు కుళ్లడం మొదలైందన్నమాట.

పూర్తయిన రోజు నుంచి లెక్కపెట్టే రకానికి మార్చాక ఆ వెంటవెంట తడి తప్పింది. కానీ ఏప్రిల్ ఎండకు సరిపోయే ఐదు రోజులు ఆగస్టు ముసురుకు సరిపోవు. ఇక్కడ మార్చాల్సింది పని పేరే. ‘నీళ్లు పోయాలి’ తీసేసి ‘మట్టి చూడాలి’ అని రాశాను. మూడు రోజులకోసారి, పూర్తయిన రోజు నుంచి. వేలు అంగుళం లోతుకు గుచ్చి చూస్తాను. పొడిగా ఉంటే నీళ్లు, తడిగా ఉంటే ఏమీ పోయను. రెండిట్లో ఏది చేసినా టిక్ మాత్రం నిజాయతీగా పెట్టొచ్చు.

ఊరెళ్తున్నప్పుడు మొక్కను ఎదురింటి ఆంటీకి అప్పజెప్పి వెళ్తాను. తిరిగొచ్చాక మొదట ‘చివరిసారి ఎప్పుడు పోశారండీ?’ అని అడిగి, ఆ రోజు నుంచి తేదీ సరిచేసుకుంటాను. ఏసీ ఫిల్టర్ పనికైతే చలికాలంలో ఏసీ కట్టేసిన రోజునే గడువును ఫిబ్రవరి చివరికి జరిపేస్తాను. లేదంటే వాడని ఏసీ గురించి అది డిసెంబరంతా గుర్తుచేస్తూనే ఉంటుంది.