నికర వర్తమాన విలువ గిట్టుబాటు స్థాయి

నికర వర్తమాన విలువ గిట్టుబాటు స్థాయి అనగా ఒక ప్రాజెక్టు యొక్క నికర వర్తమాన విలువ సరిగ్గా సున్న అయ్యే అమ్మకాల పరిమాణము. అమ్మకాలు ఇంతకంటే ఎక్కువైతే పెట్టుబడిదారు సంపద పెరుగుతుంది, తక్కువైతే తరుగుతుంది. అమ్మకాలను మార్చకుండా డిస్కౌంటు రేటును మారుస్తూ పోయినా ఒక రేటు వద్ద నికర వర్తమాన విలువ సున్న అవుతుంది. ఆ రేటును అంతర్గత ప్రతిఫల రేటు అంటారు. లెక్కల పుస్తకాలలో లాభమూ నష్టమూ లేని స్థితిని చూపే మామూలు గిట్టుబాటు స్థాయి కంటే నికర వర్తమాన విలువ గిట్టుబాటు స్థాయి ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది. ఈ వ్యాసములో ఆ తేడాను ఒక బియ్యపు మిల్లు ఉదాహరణతో వివరించడమైనది.

## నేపథ్యము

నల్గొండ జిల్లాలోని మిర్యాలగూడ పట్టణము బియ్యపు మిల్లులకు ప్రసిద్ధి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో వానాకాలము, యాసంగి పంటలుగా పండే వరి ఈ మిల్లులకు ముడిసరుకు. సూర్యాపేట, మునగాల, కోదాడ ప్రాంతాలు కూడా ఈ వరి పండే ప్రాంతములోనివే. మిల్లు పెట్టేవారికి యంత్రాలు, బాయిలరు, షెడ్డు, గోదాములకు డబ్బు మొదటనే ఖర్చవుతుంది. రాబడి మాత్రం ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా వస్తుంది. ఈ రోజు పెట్టే రూపాయి, పదేళ్ళ తరువాత వచ్చే రూపాయి సమానము కావు. కనుక ఏటా ఎన్ని టన్నుల ధాన్యము ఆడితే మిల్లు గిట్టుతుందన్న ప్రశ్నకు కాలవిలువను లెక్కలోకి తీసుకునే జవాబు కావాలి.

## ఉదాహరణ

ఈ క్రింది అంకెలు లెక్కను వివరించడానికి ఊహించుకున్నవి, ఏ మిల్లుకూ చెందినవి కావు. సౌలభ్యము కొరకు ఆదాయపు పన్నును వదిలివేయడమైనది.

* మొదటి పెట్టుబడి: 600 లక్షల రూపాయలు
* మిల్లు ఆయుర్దాయము: 10 సంవత్సరాలు, చివరికి మిగిలే విలువ సున్న
* ఏటా స్థిర వ్యయము, అనగా జీతాలు, బీమా, కనీస విద్యుత్ ఛార్జీలు, మరమ్మతులు: 80 లక్షలు
* టన్ను ధాన్యానికి మిగులు: 1,000 రూపాయలు
* డిస్కౌంటు రేటు: 12 శాతము
* ఏటా ఆడించగలమని అంచనా: 20,000 టన్నులు

ఇక్కడ మిగులు అనగా బియ్యము, నూకలు, తవుడు, ఊక అమ్మగా వచ్చిన మొత్తములో నుండి ధాన్యము ఖరీదు, హమాలీ, రవాణా, ఆడకానికయ్యే విద్యుత్తు ఖర్చు తీసివేయగా మిగిలేది. ధాన్యము ఎంత ఆడితే ఈ ఖర్చులు అంత పెరుగుతాయి, స్థిర వ్యయము మాత్రం మిల్లు ఆగినా తప్పదు.

## పుస్తకాల లెక్క

మామూలు పద్ధతిలో యంత్రాల తరుగుదలను కూడా స్థిర వ్యయములో కలుపుతారు. 600 లక్షలను పదేళ్ళకు సమానంగా పంచితే ఏటా తరుగుదల 60 లక్షలు. టన్నుకు మిగులు 0.01 లక్షలు కనుక

```
(80 + 60) / 0.01 = 14,000 టన్నులు
```

ఏటా 14,000 టన్నులు ఆడితే పుస్తకాలలో లాభము సున్న. అయితే ఈ స్థితిలో మిల్లుకు ఏటా చేతికి వచ్చే నగదు 140 − 80 = 60 లక్షలు. పదేళ్ళలో మొత్తము 600 లక్షలు తిరిగి వస్తుంది, అంతే. ఆ సొమ్ము పదేళ్ళపాటు ఇరుక్కుపోయినందుకు ప్రతిఫలమేమీ రాలేదు. 12 శాతము వద్ద ఈ రాబడుల వర్తమాన విలువ సుమారు 339 లక్షలు మాత్రమే, కనుక నికర వర్తమాన విలువ −261 లక్షలు. నష్టము లేదని పుస్తకము చూపుతున్న మిల్లు యజమాని సంపదలో నుండి రెండు కోట్ల అరవై లక్షలు పోయాయన్న మాట.

## సున్న అయ్యే అమ్మకాలు

ఏటా ఒక రూపాయి చొప్పున పదేళ్ళు వచ్చే రాబడికి 12 శాతము వద్ద వర్తమాన విలువ 5.6502 రూపాయలు. దీనిని వార్షిక గుణకము అంటారు. 600 లక్షలను ఈ గుణకముతో భాగిస్తే 106.19 లక్షలు వస్తుంది. అసలును, దానిపై 12 శాతము ప్రతిఫలాన్ని పదేళ్ళలో రాబట్టడానికి ఏటా రావలసిన నగదు ఇది. తరుగుదల స్థానములో దీనిని ఉంచితే జవాబు వస్తుంది.

```
(80 + 106.19) / 0.01 = 18,619 టన్నులు
```

పుస్తకాల గిట్టుబాటు కంటే ఇది 4,619 టన్నులు ఎక్కువ. 106.19, 60 లక్షల మధ్య గల తేడాయే దీనికి కారణము. డిస్కౌంటు రేటు సున్న అయితే రెండు స్థాయిలూ ఒకటే అవుతాయి, రేటు పెరిగేకొద్దీ వాటి మధ్య దూరము పెరుగుతుంది.

అంచనా వేసిన 20,000 టన్నుల వద్ద ఏటా నగదు 120 లక్షలు, నికర వర్తమాన విలువ 120 × 5.6502 − 600 = 78 లక్షలు. ప్రాజెక్టు ఆమోదయోగ్యమే. అయితే అంచనాకు, గిట్టుబాటు స్థాయికి మధ్య ఎడము 6.9 శాతము మాత్రమే.

ఈ ఎడమును టన్నులలో కాక ధరలో చూస్తే మరింత స్పష్టమవుతుంది. 20,000 టన్నులు ఆడినప్పుడు నికర వర్తమాన విలువ సున్న కావడానికి టన్నుకు మిగులు 931 రూపాయలు ఉంటే చాలు. అనగా టన్నుకు 69 రూపాయలు, క్వింటాలుకు సుమారు 7 రూపాయలు తగ్గితే మొత్తము లాభము హరించుకుపోతుంది. 2024-25లో సాధారణ రకము వరికి కేంద్రము ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. దీనిలో 7 రూపాయలు 0.3 శాతము. ధాన్యములో తేమ కొద్దిగా పెరిగినా, బియ్యపు దిగుబడి కొద్దిగా తగ్గినా ఇంతకంటే ఎక్కువ తేడా రావచ్చును.

## సున్న అయ్యే డిస్కౌంటు రేటు

ఇప్పుడు అమ్మకాలను 20,000 టన్నుల వద్ద ఉంచి రేటును మార్చి చూద్దాము. 15 శాతము వద్ద గుణకము 5.0188 కనుక నికర వర్తమాన విలువ +2.25 లక్షలు. 16 శాతము వద్ద గుణకము 4.8332, విలువ −20.01 లక్షలు. అంటే సున్న ఈ రెండు రేట్ల మధ్య ఉన్నది. ఈ చిన్న దూరములో మార్పు సరళరేఖలో ఉంటుందని భావిస్తే

```
15 + 2.25 / (2.25 + 20.01) = 15.1 శాతము
```

ఎంచుకునే రెండు రేట్లు దగ్గరగా ఉండాలి. 5, 30 శాతము వంటి దూరపు రేట్లు తీసుకుంటే అసలు రేఖ వంపు తిరిగి ఉండడము వలన జవాబు ఎక్కువగా వస్తుంది. స్ప్రెడ్‌షీటులో ఇవే జవాబులను ఇలా పొందవచ్చును.

```
=PV(12%,10,-1)
=RATE(10,120,-600)
```

మొదటిది గుణకాన్ని, రెండవది సున్న చేసే రేటును ఇస్తుంది. అప్పుపై వడ్డీ, సొంత పెట్టుబడిపై ఆశించే ప్రతిఫలము కలిపిన సగటు ఖర్చు 15.1 శాతము కంటే తక్కువగా ఉన్నంతవరకు ఈ మిల్లు గిట్టుతుంది.

## సాధారణంగా జరిగే పొరపాట్లు

### నిర్వహణ పెట్టుబడిని మరచిపోవడము

ధాన్యము కోతల సమయములో ఒక్కసారిగా మార్కెట్టుకు వస్తుంది, బియ్యము మాత్రం నెలల తరబడి అమ్ముడవుతుంది. కనుక గోదాములోని నిల్వలో కొంత సొమ్ము ఎప్పుడూ ఉండిపోతుంది. ఇది 200 లక్షలనీ, పదవ ఏట చివర పూర్తిగా తిరిగి వస్తుందనీ అనుకుందాము. తిరిగి వచ్చే సొమ్ము కదా అని దీనిని చాలామంది లెక్కలో చేర్చరు. కాని పదేళ్ళ తరువాత వచ్చే 200 లక్షల వర్తమాన విలువ 64.39 లక్షలే. మిగిలిన 135.61 లక్షలు ప్రాజెక్టు భరించవలసిన ఖర్చు.

దీనిని 5.6502తో భాగిస్తే ఏటా 24 లక్షలు, అనగా మరో 2,400 టన్నులు. గిట్టుబాటు స్థాయి 21,019 టన్నులకు చేరుతుంది. 20,000 టన్నుల అంచనా ఇప్పుడు దానికి దిగువన పడిపోయింది. నికర వర్తమాన విలువ −57.6 లక్షలు, అంతర్గత ప్రతిఫల రేటు సుమారు 10.4 శాతము. ముందు ఆమోదయోగ్యమనిపించిన మిల్లును ఇప్పుడు తిరస్కరించవలసి ఉంటుంది.

### అన్ని సంవత్సరాలు ఒకటే అనుకోవడము

గిట్టుబాటు స్థాయిని "ఏటా ఇన్ని టన్నులు" అని చెప్పినప్పుడు ప్రతి ఏడూ సమానమని భావిస్తున్నాము. కాలువకు నీరు చాలని ఏడాది మిల్లు సగమే ఆడవచ్చును. నిర్వహణ పెట్టుబడి లేని మొదటి లెక్కలో, ఒక్క ఏడాది 10,000 టన్నులే ఆడితే నగదు 100 లక్షలు తగ్గుతుంది. అది పదవ ఏడాది జరిగితే నష్టపు వర్తమాన విలువ 32 లక్షలే కనుక ప్రాజెక్టు ఇంకా లాభములోనే ఉంటుంది. అదే మొదటి ఏడాది జరిగితే 89 లక్షలు నష్టము, నికర వర్తమాన విలువ −11 లక్షలు. మొత్తము ఆడిన టన్నులు రెండు సందర్భాలలోను ఒకటే. అందువలన సగటు టన్నులను చూసి గిట్టుబాటును నిర్ణయించరాదు.

### పెట్టుబడి పెట్టిన తరువాత అదే అంకెను వాడడము

18,619 టన్నులు అనేది మిల్లు కట్టాలా వద్దా అన్న నిర్ణయానికి మాత్రమే వర్తిస్తుంది. కట్టిన తరువాత 600 లక్షలు ఖర్చయిపోయినట్లే. మిల్లును అమ్మితే ఏమీ రాదనుకుంటే, మూసివేయాలా నడపాలా అన్నప్పుడు స్థిర వ్యయము మాత్రమే చూడాలి. 80 / 0.01 = 8,000 టన్నులు దాటితే నడపడమే మేలు. కనుకనే 8,000కు, 18,619కు మధ్య ఆడే మిల్లులు పెట్టుబడి గిట్టకపోయినా మూతపడకుండా నడుస్తూనే ఉంటాయి.

## రహదారి ఉదాహరణ

ఇదే సూత్రము సుంకము వసూలు చేసే రహదారులకూ వర్తిస్తుంది, అక్కడ టన్నులకు బదులు వాహనాలను లెక్కిస్తారు. సూర్యాపేట, మునగాల, కోదాడల మీదుగా పోయే హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారిని నాలుగు వరుసలుగా విస్తరించి, సుంకము వసూలు చేసుకునే ఒప్పందము 2009లో జి.ఎం.ఆర్. సంస్థకు దక్కింది. 2012 డిసెంబరులో వసూలు మొదలైనది. 2014లో రాష్ట్ర విభజన, ఆ తరువాత ప్రవేశ పన్ను వలన వాణిజ్య వాహనాలు తగ్గాయని సంస్థ జాతీయ రహదారుల ప్రాధికార సంస్థను పరిహారము కోరింది. వివాదము తరువాత 2024లో ఒప్పందము గడువుకు ముందే ముగిసి, రహదారి ప్రాధికార సంస్థ చేతికి వచ్చింది.

రహదారిపై పెట్టుబడి అంతా ముందే ఖర్చవుతుంది, నిర్వహణ వ్యయము దానితో పోలిస్తే స్వల్పము. అందువలన వాహనాలు పెట్టుబడి గిట్టుబాటుకు దిగువన పడినా సుంకము వసూలు ఆగదు. టోల్ గేటు వద్ద బారులు తీరిన లారీలను చూసి ప్రాజెక్టు గిట్టిందని చెప్పలేము. మొదటి కొన్నేళ్ళలో వచ్చిన వాహనాలను, ఒప్పందమునాటి అంచనాలతో పోల్చి చూస్తేనే ఆ సంగతి తెలుస్తుంది.

## ఇవి కూడా చూడండి

* నికర వర్తమాన విలువ
* అంతర్గత ప్రతిఫల రేటు
* తరుగుదల
* మిర్యాలగూడ
* మునగాల