గాటు కనిపించని కాటు నుంచి ఒక పరీక్ష ప్రశ్న

ఒక వైద్య విద్యార్థి వార్డులో రాసుకున్న పేజీ ఇలా ఉందనుకుందాం. 28 ఏళ్ల వ్యవసాయ కూలీ. రాత్రి నేల మీద పడుకున్నాడు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులతో మెలకువ వచ్చింది. కాసేపటికి కనురెప్పలు వాలిపోయాయి, గుటక పడలేదు. ఒంటి మీద ఎక్కడా కాటు గుర్తు లేదు. గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచిన రక్తం మామూలుగానే గడ్డకట్టింది. పాము విషానికి విరుగుడు 10 వయల్స్ ఎక్కించారు, నియోస్టిగ్మిన్ ఇచ్చారు, వెంటిలేటర్ పెట్టారు. కోలుకున్నాడు. చివర్లో, ‘కట్లపాము కాటు’.

నీట్ పీజీలో ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులుంటాయి. సరైనదానికి 4 మార్కులు, తప్పు పెడితే 1 కోత. అలాంటి ప్రశ్నను ఈ పేజీ నుంచి తయారు చేయమంటే చాలామంది మొదట రాసేది ఇది: ‘కట్లపాము విషం దేని మీద పనిచేస్తుంది?’ ఇది పాఠ్యపుస్తకంలోని ఒక వాక్యాన్ని గుర్తుచేసుకోమనడమే. దీనికి ఈ రోగితో పనే లేదు. పాము పేరు ముందే చెప్పేశాక కేసులోని చిక్కుముడి కూడా విడిపోయినట్టే.

అందుకే ముందు నోట్సులో వైద్యుడు పొరబడే అవకాశమున్న చోటు ఏదో వెతకాలి. ఇక్కడ అది కాటు గుర్తు లేకపోవడం. కట్లపాము కోరలు చిన్నవి. కరిచిన చోట వాపూ నొప్పీ పెద్దగా ఉండవు, నిద్రలో ఉన్నవాడికి తెలియకపోవచ్చు కూడా. కాబట్టి పాము మాట ఎత్తకుండా, నేల మీద పడుకోవడం దగ్గర్నుంచి రక్తం గడ్డకట్టడం వరకూ ఉన్న వివరాలే చెప్పి, ‘ఎక్కువగా అనుమానించాల్సింది ఏది?’ అని అడగాలి. కింది జవాబులన్నీ మూసేసినా, తెలిసినవాడు ఆ వివరాలతోనే ‘కట్లపాము కాటు’ అనగలగాలి. అనలేకపోతే ప్రశ్నలో ఏదో తగ్గిందన్నమాట.

తప్పు జవాబులు రాయడమే అసలు కష్టం. గుండెపోటు, మలేరియా లాంటివి పెడితే ఎవరూ వాటివైపు చూడరు. కండరాల బలహీనత తెచ్చేవే కావాలి: మయస్థీనియా గ్రావిస్, గీయాన్ బారే సిండ్రోమ్, పురుగుమందు విషప్రభావం. కూలీ కాబట్టి మూడోది బలంగా ఆకర్షిస్తుంది, వాంతులూ దానికి కలిసొస్తాయి. అందుకే ‘కంటిపాపలు సూదిమొనల్లా కుంచించుకోలేదు, చెమటలూ చొంగా లేవు’ అన్న వాక్యం ప్రశ్నలో చేర్చాలి. విద్యార్థి దాన్ని రాసుకోకపోతే, కేస్ షీటు చూసి నిర్ధారించుకోవాలి. అది లేకుండా ప్రశ్న వదిలితే రెండు జవాబులు నిలబడతాయి.

వివరణ ‘సరైనది రెండోది’తో ఆగకూడదు. మయస్థీనియా సాధారణంగా ఇలా ఒక్క రాత్రిలో మొదలవదు, అలసటతో ఎక్కువవుతూ తగ్గుతూ ఉంటుంది. గీయాన్ బారేలో బలహీనత ఎక్కువగా కాళ్లలో మొదలై, రోజుల్లో పైకి పాకుతుంది. పురుగుమందుకు ఇందాకటి కంటిపాపలే సమాధానం. తప్పు పెట్టినవాడు తన ఆలోచన ఎక్కడ పక్కకు జరిగిందో అక్కడే చదువుకోగలగాలి.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది చికిత్స గురించిన ప్రశ్నలో. నోట్సు చూసి, ‘నియోస్టిగ్మిన్‌తో కోలుకున్నాడు’ అని వివరణ రాసేయడం చాలా తేలిక. ఈ రోగికి అదొక్కటే ఇవ్వలేదు కదా. నాగుపాము విషం నరం పంపిన సంకేతాన్ని కండరం అందుకునే చోట అడ్డుపడుతుంది, అక్కడ నియోస్టిగ్మిన్ సాయపడుతుంది. కట్లపాము విషం ప్రధానంగా నరం కొసనే దెబ్బతీస్తుంది. అది మళ్లీ బాగుపడడానికి రోజులు పడుతుంది, అందాకా ఊపిరి నిలబెట్టేది వెంటిలేటర్. విరుగుడు మందు రక్తంలో తిరుగుతున్న విషాన్నే కట్టడి చేస్తుంది, అప్పటికే జరిగిన నష్టాన్ని వెనక్కి తిప్పలేదు. రోగి బతికాడన్నది ఇచ్చిన ప్రతి మందుకూ రుజువు కాదు. జవాబును నోట్సు నుంచి కాక, ప్రామాణిక చికిత్సా మార్గదర్శకాల నుంచి సరిచూసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. రోగి పేరు, ఊరు, చేరిన తేదీ ప్రశ్నలోకి అసలు రానివ్వకూడదు.

ఒక ప్రశ్న కుదిరాక, ఒక్క వాక్యం మార్చి రెండోది రాయొచ్చు. కనురెప్పలు వాలడం అలాగే ఉంచి, 20 నిమిషాల తర్వాత కూడా రక్తం గడ్డకట్టలేదనీ, కాలు బాగా వాచిందనీ రాయండి. ఇప్పుడు అనుమానం రక్తపింజరి మీదికి మళ్లుతుంది. దక్షిణ భారతంలో దాని కాటుకూ కనురెప్పలు వాలడం ఉంది. రెప్పలు వాలితే కట్లపామో నాగుపామో అని బట్టీపట్టినవాడు ఇక్కడ దొరికిపోతాడు. ఈ రెండో ప్రశ్నకు జవాబులన్నీ పాములే కావాలి, వివరణ కూడా మళ్లీ మొదటి నుంచి రాయాల్సిందే.