స్కాలర్‌షిప్పా, అమ్మమ్మా: ఒక కథ నిలబడే తీరు

దూరదేశంలో చదువుకోవడానికి స్కాలర్‌షిప్ వచ్చిన అమ్మాయి, ఆమె తప్ప దిక్కులేని అమ్మమ్మ: ఈ కథను రెండు ముక్కల్లో చెప్పేయవచ్చు, నమ్మేలా రాయడం మాత్రం కష్టం. తెలుగు పాఠకుడు మొదటి పేజీలోనే అడుగుతాడు: వాళ్లమ్మ ఏమైంది? జీతమిచ్చి మనిషిని పెట్టుకోవచ్చు కదా? వచ్చే ఏడాది వెళ్తే కొంపలు మునుగుతాయా? వీటికి కథలో జవాబు దొరక్కపోతే ఆ అమ్మాయి సంకటం రచయిత తెచ్చిపెట్టినట్టే ఉంటుంది.

చివరి ప్రశ్నకు జవాబు స్కాలర్‌షిప్ నిబంధనల్లోనే దొరుకుతుంది. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్‌నే తీసుకుంటే, అది ఏడాది పాటు సాగే మాస్టర్స్ చదువుకు ఫీజు, ఖర్చులు, విమాన ఛార్జీలు భరిస్తుంది. వచ్చిన అవకాశాన్ని మరుసటి ఏటికి వాయిదా వేసుకోనివ్వరు. కావాలంటే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి, మళ్లీ ఇంటర్వ్యూకు వెళ్లాలి. చదువయ్యాక స్వదేశానికి వచ్చి రెండేళ్లు ఉండాలన్న షరతూ ఉంది. ఈ షరతు కథకు చాలా విలువైనది. అమ్మాయి శాశ్వతంగా వెళ్లిపోవడం లేదు, ఏడాదికి తిరిగొస్తుంది. అప్పుడు కథలోని అసలు ప్రశ్న మారుతుంది: ఆ ఏడాది అమ్మమ్మ ఎలా గడుస్తుంది? ప్రేమా, ఆశయమా అనే పెద్ద మాటలకన్నా ఈ చిన్న ప్రశ్నే పాఠకుడిని కుదురుగా కూర్చోనివ్వదు.

అమ్మమ్మకు సుస్తీగా ఉంది అని రాసి ఊరుకుంటే చాలదు. రోజులో ఏ గంటకు ఏం చేయాలో కనిపించాలి. ఆమెకు షుగర్ ఉందనీ, భోజనానికి ముందు ఇన్సులిన్ వేయాలనీ, ఈమధ్య మతిమరుపు మొదలైందనీ అనుకుందాం. ఇంజెక్షన్ వేసుకుని అన్నం తినడం మరిచిపోయినా, వేసుకున్నది గుర్తులేక రెండోసారి వేసుకున్నా, రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. తడబాటు మతిమరుపులాగే కనిపిస్తుంది కనుక, అలవాటు లేనివాళ్లు అపాయాన్ని పోల్చుకోలేరు. స్పృహ ఉంటే చక్కెర నీళ్లు తాగించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ తేడా మనవరాలికి తెలుసు. మధ్యాహ్నానికల్లా వెళ్లిపోయే పనిమనిషికి తెలియదు, ఎదురింటి పిన్నిగారికీ తెలియదు.

తల్లి సంగతి ఇంత వివరంగా అక్కర్లేదు. కూతురు పోయిన ఇంట్లో అమ్మమ్మే మనవరాలిని పెంచిందంటే ఒక్క వాక్యంలో ఆ తలుపు మూసుకుంటుంది, బంధం ఎంతటిదో కూడా తెలిసిపోతుంది.

రచయిత బాగా ఆలోచించుకోవలసింది అమ్మమ్మ మతి గురించి. ఆమె పూర్తి తెలివితో ఉంటే ఏదో ఒక సాయంత్రం “నువ్వెళ్లవే తల్లీ, నాకేం కాదు” అంటుంది. అంతటితో సంకటం తీరిపోతుంది, కథ త్యాగమూర్తి అయిన అమ్మమ్మదైపోతుంది. ఇలాంటి కథలు ఎక్కువగా బెడిసేది ఇక్కడే. మతి పూర్తిగా పోయి ఉంటే ఆమె ఏమీ అనలేదు, మంచంమీది బరువుగా మిగులుతుంది. మతిమరుపు అప్పుడప్పుడే మొదలైన దశలో కథకు బలం ఎక్కువ. పొద్దున “వెళ్లు” అన్న అమ్మమ్మే రాత్రికి ఆ మాట మరిచిపోయి, “రేపు కాలేజీ నుంచి పెందలాడే రా, ఒక్కదాన్నీ ఉండలేను” అంటుంది. ఈ రెండు మాటల్లో ఏది ఆమె అనుమతి? మనవరాలు తేల్చుకోలేదు. పాఠకుడూ తేల్చుకోలేడు.

ముగింపు విషయంలో జేమ్స్ జాయిస్ 1904లో అచ్చువేసిన ‘ఎవెలిన్’ చూడదగ్గ కథ. అందులో స్కాలర్‌షిప్ లేదు, అమ్మమ్మ లేదు. డబ్లిన్‌లో ఒక అమ్మాయి తనను ప్రేమించిన నావికుడితో బ్యూనస్ ఐరిస్ వెళ్లాలా, చనిపోతున్న తల్లికి మాటిచ్చినట్టు ఇంటిని కనిపెట్టుకుని ఉండాలా అని నలిగిపోతుంది. ఓడ ఎక్కే వేళ రేవులో ఇనుప కటకటాలు పట్టుకుని నిలబడిపోతుంది. ఎందుకు ఆగిందో జాయిస్ వివరించడు, మంచి చేసిందనీ చెడు చేసిందనీ అనడు. ఆ మౌనం చెల్లడానికి కారణం, తాగుబోతు తండ్రిని, ఆమె జీతమంతా మింగేసే ఇంటిని ఆయన అంతకుముందే చూపించి ఉండటం.

తెలుగు కథకుడు కూడా అమ్మాయి నిర్ణయానికి కారణాలు చెప్పకుండా వదిలేయవచ్చు. ఆమె వెళ్లినా ఉండిపోయినా, ఆ రాత్రి ఎనిమిదింటికి అమ్మమ్మకు ఇన్సులిన్ ఎవరు వేశారో చూపించకుండా మాత్రం ఈ కథను ముగించకూడదు.