గండుపిల్లి గోడ దిగిపోయాక

అపార్ట్‌మెంట్ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒకే కాన్పులో పుట్టిన రెండు ఆడపిల్లులు ఉన్నాయనుకుందాం. ఏళ్ల తరబడి ఒకే దిండు మీద పడుకున్నవి. ఒక తెల్లవారుజామున వీధి గండుపిల్లి ఒకటి కిటికీ బయట గట్టు మీద కూర్చుంటుంది. లోపలున్న పిల్లికి ఒళ్లంతా రోమాలు లేస్తాయి, కనుపాపలు విప్పారుతాయి, తోక నేలను కొడుతుంది. అద్దం అడ్డు. సరిగ్గా అప్పుడే రెండోది ఏమీ ఎరగక వంటింట్లోంచి వస్తుంది. మొదటిది దానిమీద పడి రక్కేస్తుంది.

అరుపులకు ఇంట్లోవాళ్లు లేచి వచ్చేసరికి గండుపిల్లి వెళ్లిపోయి ఉంటుంది. అందుకే డాక్టరు దగ్గర అందరూ చెప్పే మాట, ‘ఏ కారణమూ లేకుండా కరిచింది’ అని.

దీన్ని పశువైద్యులు రీడైరెక్టెడ్ అగ్రెషన్ అంటారు. అసలు శత్రువు అందనప్పుడు, రేగిన ఉద్రేకం దగ్గరున్న ప్రాణి మీదికి మళ్లుతుంది. ఆ ప్రాణి మనిషైనా కావచ్చు. బయటి పిల్లులే కాదు, పెద్ద చప్పుళ్లు కూడా దీన్ని రేపుతాయి. ఉద్రేకం అరగంటలో చల్లారవచ్చు, గంటలు పట్టవచ్చు, కొన్ని పిల్లుల్లో రోజుల తరబడి ఉంటుంది.

అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. కొట్టిన పిల్లికి ఆ భయంకర క్షణం తోడుపిల్లితో ముడిపడిపోతుంది. దెబ్బతిన్నదేమో దాన్ని చూడగానే ఒంగి, బుసకొట్టి, పరుగు తీస్తుంది. ఆ పరుగే మళ్లీ వెంటపడేలా చేస్తుంది. గండుపిల్లి ఇక రాకపోయినా యుద్ధం ఆగదు. ‘వాటి మధ్య అవే సర్దుకుంటాయిలే’ అని వదిలేయడం ఇక్కడ చాలా చెడ్డ సలహా.

పోట్లాట మధ్యలో చెయ్యి పెట్టకూడదు. ఎత్తుకుని బుజ్జగించబోతే కరుస్తుంది. దుప్పటో అట్టముక్కో అడ్డంపెట్టి విడదీసి, రేగిన పిల్లిని నీళ్లు, తిండి, లిట్టర్ ట్రేతో చీకటిగా ఉన్న గదిలో ఒంటరిగా ఉంచాలి. తనంతట తాను తినడం, ఒళ్లు నాక్కోవడం, హాయిగా పడుకోవడం మొదలుపెడితే చల్లబడిందని గుర్తు. ఆలోగా కరిచి ఉంటే గాయాన్ని వెంటనే సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లి పంటిగాయం పైకి చిన్నదే, లోపల లోతైనది, త్వరగా చీము పడుతుంది. రేబిస్ టీకా సంగతీ డాక్టరే చూస్తారు.

ఉద్రేకం పూర్తిగా తగ్గినా రెండూ ఇంకా పోట్లాడుకుంటుంటే కొత్త పిల్లుల్లా మళ్లీ పరిచయం చేయాలి. మూసిన తలుపుకు చెరోవైపు గిన్నెలు పెట్టి, పరుచుకునే గుడ్డలు మార్చి, కొన్నాళ్లకు తలుపు సందులోంచి చూడనిచ్చి, ప్రశాంతంగా ఉంటేనే ముందుకు సాగాలి. ఒకటి బుస కొట్టిందా, ఒక అడుగు వెనక్కి. దీనికి వారాలు పడతాయి. ఈలోగా కిటికీ కిందిభాగానికి మసక ఫిల్మ్ అంటించి, బయట పెట్టే తిండిగిన్నె తీసేయాలి. ఇంత చేసినా తగ్గకపోతే కొన్ని పిల్లులకు పశువైద్యులు ఫ్లూఆక్సెటిన్ లాంటి మందు రాస్తారు. అది పనిచేయడం మొదలుపెట్టడానికే కొన్ని వారాలు కావాలి.