ఫోక్స్‌వ్యాగన్ షేరు వెయ్యి యూరోలు దాటిన రోజు

2008 అక్టోబరు 28, మంగళవారం. లేమన్ బ్రదర్స్ దివాలా తీసి ఆరు వారాలైంది. ప్రపంచమంతటా షేర్ మార్కెట్లు కుప్పకూలుతున్నాయి, కార్లు కొనేవాళ్లు తగ్గిపోతున్నారు. సరిగ్గా ఆ రోజు జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ షేరు ఒక దశలో వెయ్యి యూరోలు దాటింది. అంతకుముందు శుక్రవారం దాని ధర సుమారు 210 యూరోలు. కొద్దిసేపు ఆ కార్ల కంపెనీ మార్కెట్ విలువలో ప్రపంచంలోనే మొదటి స్థానంలో నిలిచింది.

కంపెనీ లాభాలేమీ అమాంతం పెరగలేదు. ధరను అంత ఎత్తుకు లేపింది, అది పడిపోతుందని పందెం కాసినవాళ్లే.

వాళ్లు చేసిన పనిని షార్ట్ సెల్లింగ్ అంటారు. షేరు ధర తగ్గుతుందని నమ్మినవాడు తన దగ్గర లేని షేర్లను బ్రోకర్ ద్వారా చేబదులు తీసుకుని, ఇవాళే అమ్మేస్తాడు. 210కి అమ్మిన షేరు 150కి దిగితే అప్పుడు కొని అసలు యజమానికి తిరిగి ఇస్తాడు. మిగిలిన 60 యూరోల్లో వడ్డీ, ఖర్చులు పోగా మిగిలింది లాభం. చిక్కంతా ధర పెరిగినప్పుడే. షేరు కొన్నవాడు నష్టపోయినా పెట్టిన డబ్బు వరకే పోతుంది. షార్ట్ చేసినవాడి నష్టానికి హద్దు లేదు. 210కి అమ్మినదాన్ని 500కి కొనాల్సి వస్తే షేరుకు 290 యూరోలు చేతి నుంచి పోతాయి. ధర ఎక్కేకొద్దీ బ్రోకర్ అదనపు మార్జిన్ కట్టమంటాడు. కట్టలేకపోతే అతనే షేర్లు కొని లెక్క మూసేస్తాడు. ఆ కొనుగోలుతో ధర ఇంకాస్త ఎక్కుతుంది. దాంతో అప్పటిదాకా ఓపిక పట్టిన మరొకడూ కొనక తప్పదు. ఈ గొలుసుకే షార్ట్ స్క్వీజ్ అని పేరు.

ఫోక్స్‌వ్యాగన్‌ను షార్ట్ చేసిన హెడ్జ్ ఫండ్లు తెలివితక్కువవేమీ కావు. అదే కంపెనీకి చెందిన, ఓటు హక్కు లేని ప్రిఫరెన్స్ షేర్లు ఎంతో చవగ్గా దొరుకుతున్నాయి. ఓటు హక్కున్న సాధారణ షేరు మాత్రం, పోర్షే కంపెనీ కొంటూ పోతుండటంతో, ఎక్కువ ధర పలుకుతోంది. ఈ తేడా ఎప్పటికైనా తగ్గుతుందన్న లెక్కతో చాలామంది చవకది కొని, ఖరీదైనదాన్ని షార్ట్ చేశారు. లెక్క సబబైనదే. మార్కెట్లో కొనడానికి నిజంగా ఎన్ని షేర్లు మిగిలాయన్నదే వాళ్లకు తెలియలేదు.

అక్టోబరు 26, ఆదివారం నాడు పోర్షే ఆ గుట్టు విప్పింది. తన చేతిలో 42.6 శాతం సాధారణ షేర్లున్నాయని, మరో 31.5 శాతానికి ఆప్షన్లున్నాయని ప్రకటించింది. అవి నగదు రూపంలో పరిష్కరించుకునే ఆప్షన్లు. అయినా వాటిని పోర్షేకు అమ్మిన బ్యాంకులు, ధర పెరిగితే తమకు దెబ్బ తగలకుండా షేర్లు కొని పెట్టుకుంటాయి కాబట్టి ఆ వాటా కూడా సంతలోకి రానట్టే. రెండూ కలిపితే 74.1 శాతం. లోయర్ సాక్సనీ రాష్ట్ర ప్రభుత్వం చేతిలో మరో 20 శాతానికి పైగా ఉంది, అది అమ్మదు. ఇక మిగిలింది ఆరు శాతం లోపే. షార్ట్ చేసిన షేర్లేమో సుమారు 12 శాతం.

తిరిగి ఇవ్వాల్సినవి, దొరికేవాటికి రెట్టింపు! సోమవారం మార్కెట్ తెరవగానే అందరూ ఒకే గుమ్మం వైపు పరుగెత్తారు. సాయంత్రానికి షేరు 500 యూరోలు దాటింది, మర్నాడు వెయ్యి. ఎంత ధరకైనా కొనాల్సిన అగత్యం ఉన్నవాళ్లకు విలువ లెక్కలతో పని ఉండదు.

బుధవారం పోర్షే తన ఆప్షన్లలో ఐదు శాతం వరకు వదులుకుంటానని చెప్పగానే ధర దాదాపు సగానికి పడింది. కొత్తగా కొద్దిపాటి షేర్లు వస్తాయన్న మాటే అందుకు చాలింది. ఈ పొంగు ఊపిరాడని కొనుగోళ్ల వల్లే వచ్చిందని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. షార్ట్ చేసినవాళ్లు మాత్రం వందల కోట్ల యూరోలు పోగొట్టుకున్నారు. మార్కెట్‌ను తప్పుదోవ పట్టించారన్న ఆరోపణపై పోర్షే అప్పటి అధిపతి వెండెలిన్ వీడెకింగ్‌ను విచారించిన స్టుట్‌గార్ట్ కోర్టు 2016లో ఆయన్ని నిర్దోషిగా వదిలేసింది.

అందుకే షార్ట్ స్క్వీజ్‌ను పసిగట్టాలనుకునేవాళ్లు మొత్తం షేర్లతో కాక, నిజంగా చేతులు మారే షేర్లతో షార్టులను పోల్చి చూస్తారు. రోజువారీ లావాదేవీల వేగంతో ఆ షార్టులన్నీ తీరడానికి ఎన్ని రోజులు పడుతుందో కూడా లెక్కేస్తారు. ఫోక్స్‌వ్యాగన్ విషయంలో మొదటి అంకె ఆదివారం దాకా ఎవరికీ సరిగా తెలియదు.

మన దగ్గర చిన్న మదుపరి నగదు మార్కెట్లో ఉదయం షార్ట్ చేస్తే సాయంత్రంలోగా తిరిగి కొనాల్సిందే. ఆలోగా ఆ షేరు అప్పర్ సర్క్యూట్ తాకితే అమ్మేవాళ్లే ఉండరు. అప్పుడు ఎక్స్ఛేంజి వేలంలో కొని కొనుగోలుదారుకు అప్పగిస్తుంది. ఆ ధర ఎంతైనా, తేడా కట్టాల్సింది షార్ట్ చేసినవాడే.